షాజామ్‌కి తెలియని పాట

ఫోన్‌లో షాజామ్ తెరిచి స్పీకర్ దగ్గర పెడితే మామూలుగా కాసేపట్లోనే పాట పేరు వచ్చేస్తుంది. రానప్పుడే చిక్కు. యూట్యూబ్‌లో లేదు, స్పాటిఫైలో లేదు, గుర్తున్న రెండు ముక్కలు గూగుల్‌లో కొట్టినా ఏమీ తగలదు. అప్పుడు ఎవరికైనా ముందు తమ జ్ఞాపకం మీదే అనుమానం వస్తుంది. పాట అసలు విడుదలే కాలేదేమో అన్న ఆలోచన మాత్రం చాలా ఆలస్యంగా తడుతుంది. రేడియోలో వచ్చిందంటే, టేపులో విన్నామంటే, ఎవరో ఒకరు దాన్ని అమ్మే ఉంటారు కదా అనుకుంటాం. సరిగ్గా ఆ నమ్మకంతోనే జర్మనీలో మొదలై ప్రపంచమంతా పాకిన ఒక వెతుకులాట పదిహేడేళ్ళు సాగింది.

1980ల మొదట్లో ఉత్తర జర్మనీలో ఒక కుర్రాడు ఎన్‌డీఆర్ రేడియోలో వచ్చే పాటల్ని క్యాసెట్లలోకి ఎక్కించుకునేవాడు. అతనికో అలవాటుండేది. పాటకు ముందూ వెనకా అనౌన్సర్ మాటలు పడకుండా జాగ్రత్తగా కత్తిరించేవాడు. వినడానికి హాయిగా ఉంటుందని చేసిన పని అది. దాంతో పాట మిగిలింది, పాడిందెవరో చెప్పిన ఆ నాలుగు మాటలూ పోయాయి. అతను దాచుకున్న పాటల్లో చాలావాటి పేర్లు తర్వాత తెలిశాయి. ఒక్కటి మాత్రం తేలలేదు. 2007లో అతని చెల్లెలు ఆ పాట ముక్కను ఇంటర్నెట్‌లో పెట్టి ఎవరికైనా తెలుసా అని అడిగింది. ఎవరికీ తెలియదు. 2019లో బ్రెజిల్‌కు చెందిన ఒక కుర్రాడు దాన్ని తలకెత్తుకున్నాక వేలమంది వెతకడం మొదలుపెట్టారు. పేరు తెలియని ఆ పాటకు ‘ఇంటర్నెట్‌లోకెల్లా అంతుచిక్కని పాట’ అని ఒక బిరుదు కూడా వచ్చింది.

వెతికినవాళ్ళు అమాయకులేం కాదు. పాట ధ్వనిని కంప్యూటర్‌లో బొమ్మగా గీయించి చూస్తే 10 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నని గీత ఒకటి కనబడింది. ఆ కాలపు ఎన్‌డీఆర్ రికార్డింగుల్లో అలాంటి గీతే ఉంది. అంటే పాట ఆ స్టేషన్ నుంచే వచ్చిందన్న మాటకు బలం దొరికింది. వినిపిస్తున్న సింథసైజర్ యమహా డీఎక్స్7 అయి ఉంటుందని కొందరు పసిగట్టారు. అది బజారులోకి వచ్చింది 1983లో. కాబట్టి పాట అంతకుముందుది కాదు. ఎప్పటిదో తెలిసింది, ఎక్కడిదో తెలిసింది. అయినా దొరకలేదు. కారణం ఒక్కటే. వాళ్ళలో ఎక్కువమంది వెతికింది విడుదలైన పాటల జాబితాల్లో. ఎల్పీ రికార్డుల కేటలాగులు, కంపెనీల చిట్టాలు, హక్కుల సంఘాల్లో నమోదైన పేర్లు. ఆ పాట వీటిలో దేనిలోకీ ఎక్కలేదు.

2024 నవంబర్‌లో సంగతి తేలింది. పాట పేరు ‘సబ్‌వేస్ ఆఫ్ యువర్ మైండ్’. పాడింది కీల్ నగరానికి చెందిన ఫెక్స్ అనే చిన్న బ్యాండ్. అది డెమో. బ్యాండ్‌వాళ్ళు సొంతంగా రికార్డు చేసుకున్న టేపు ఏదో దారిన రేడియోకు చేరి ప్రసారమైంది. ఏ కంపెనీ దాన్ని విడుదల చేయలేదు. దాన్ని పట్టుకున్నవాడు పాటల జాబితాలు పక్కన పెట్టి మనుషుల జాబితా తీశాడు. ఆ రోజుల్లో ఎన్‌డీఆర్‌తో సంబంధమున్న ఒక పోటీలో ఏయే ఊళ్ళ బ్యాండ్లు పాల్గొన్నాయో పాత పత్రికల్లో చూస్తూ పోయాడు. ఒక వార్తలో కనబడిన సంగీతకారుడికి రాశాడు. తమ పాత బ్యాండ్ పాటలంటూ ఆయన పంపిన వాటిలో ఇది ఉంది. తమ పాట కోసం ప్రపంచం వెతుకుతోందని ఆ బ్యాండ్‌లో ఎవరికీ తెలియదు.

ఈ ఉదంతం ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. పాట విడుదల కాలేదేమో అన్న అనుమానం వచ్చిన క్షణం నుంచి వెతికే చోటు మారిపోవాలి. ఆ అనుమానం ఎప్పుడు పెట్టుకోవాలి, ఎప్పుడు పెట్టుకోకూడదు అన్నదే అసలు ప్రశ్న.

ముందు షాజామ్ ఏం చేస్తుందో తెలియాలి. అది పాటను మనలాగా ‘వినదు’. ఒక్కో క్షణంలో గట్టిగా మోగే ధ్వనుల్ని చుక్కలుగా గుర్తు పెట్టుకుని, ఆ చుక్కల మధ్య ఎడాన్ని తన దగ్గరున్న కోట్ల రికార్డింగులతో పోల్చి చూస్తుంది. అంటే అది పోల్చేది పాటను కాదు, ఒకానొక రికార్డింగును. బాలుగారు సినిమాకు పాడిన పాటను గుర్తుపడుతుంది. అదే పాటను ఆయన వేదిక మీద పాడితే, ఆ కచేరీ రికార్డింగు తన దగ్గర లేకపోతే నోరు మూసుకుంటుంది. టేపు వేగం కాస్త ఎక్కువై శ్రుతి పెరిగినా తడబడుతుంది. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో పాటల్ని వేగం పెంచో తగ్గించో వాడేస్తున్న ఈ రోజుల్లో ఇది మరీ మామూలు. కనుక ‘దొరకలేదు’ అని ఫోన్ చెప్పినంత మాత్రాన పాట విడుదల కాలేదని కాదు. వీడియో వేగాన్ని కొంచెం తగ్గించి, పెంచి మళ్ళీ వినిపించాలి. మాటలు లేని చోట ఒకసారి, పల్లవి దగ్గర ఒకసారి పెట్టి చూడాలి.

తర్వాతి పరీక్ష చాలామంది చేయరు కానీ నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. గూగుల్ యాప్‌లో మైక్ నొక్కి పాటను కూనిరాగం తీయవచ్చు. 2020 నుంచి ఈ సదుపాయం ఉంది. ఇది రికార్డింగును చూడదు, బాణీని చూస్తుంది. మీ దగ్గరున్న ఆడియోను షాజామ్ గుర్తుపట్టలేదు, మీరు కూనిరాగం తీస్తే మాత్రం గూగుల్ ఒక పాట పేరు చెప్పింది అనుకోండి. చెప్పిన పాట తెరిచి వినండి. బాణీ అదే, గొంతు వేరు, మాటలు అక్కడక్కడా వేరు అయితే మీకు దొరికింది తెలియని పాట కాదు, తెలిసిన పాటకే వేరే రూపం. కచేరీ కావచ్చు, ఎవరో మళ్ళీ పాడింది కావచ్చు, డెమో కావచ్చు. రెండూ విఫలమైతేనే పాట ఏ జాబితాలోనూ లేదేమో అన్న అనుమానానికి చోటుంటుంది. కూనిరాగం సరిగా తీయలేనివాళ్ళు పాడగలిగిన స్నేహితుల చేత తీయించాలి. ఇందులో మొహమాటం అనవసరం.

మన సినిమా పాటల విషయంలో ఈ ‘వేరే రూపం’ ఎక్కడిదో తెలిసినవాళ్ళకు వింత కాదు. బాణీ కట్టాక దానిమీద డమ్మీ మాటలు వేసి, ట్రాక్ సింగర్ చేత పాడించి, దర్శకుడికి, నిర్మాతకు వినిపిస్తారు. షూటింగ్ కూడా ఒక్కోసారి ఆ ట్రాక్ మీదే జరిగిపోతుంది. తర్వాత అసలు గాయకుడు పాడతాడు, మాటలు మారతాయి, వాద్యాలు చేరతాయి. ఆ మధ్యలో టేపు చేతులు మారితే బయటికి వచ్చేది ఈ పచ్చి రూపమే. ‘గేమ్ ఛేంజర్’లోని ‘జరగండి’ పాట 2023లోనే లీకైంది. అధికారికంగా వచ్చింది 2024 మార్చిలో. ఇంత ఎడం ఉన్నప్పుడు ముందు విన్న రూపమే చెవిలో నాటుకుపోయి, అధికారికంగా వచ్చింది విన్నాక ‘నేను విన్నది ఇది కాదే’ అనిపించే అవకాశం ఎక్కువ. 2022లో ‘సర్కారు వారి పాట’లోని ‘కళావతి’ కూడా ముందే లీకైంది, కాకపోతే అది ఒకట్రెండు రోజుల తేడా. అలాంటి లీకులు వెతికేవాళ్ళకు పెద్ద చిక్కు తేవు.

ఫోన్ పరీక్షలు అయ్యాక మీ జ్ఞాపకాన్ని ప్రశ్నించాలి. పాట ఎలా ఉంది అన్నదానికంటే ముందు, అది మీ చెవిదాకా ఏ దారిన వచ్చింది అని అడగాలి. పెళ్ళి మైకులో విన్నారా, హోటల్లోనా? అయితే అది బజారులో దొరికే పాటే అయ్యుండాలి, జ్ఞాపకాన్నే అనుమానించండి. తమిళ మాతృక విని తెలుగు అనుకుని ఉండొచ్చు. రెండు పాటల పల్లవి, చరణం కలిసిపోయి ఉండొచ్చు. సినిమా చూస్తూ విన్నారా? అయితే బిట్ సాంగ్ కావచ్చు. అరనిమిషం, నిమిషం ఉండే ఆ పాటలు సినిమాలో ఉంటాయి, క్యాసెట్లో ఉండవు. అవి విడుదల కాని డెమోలు కావు, సినిమా దొరికితే పాటా దొరుకుతుంది. ఊళ్ళో రికార్డింగ్ సెంటర్‌కి ఖాళీ క్యాసెట్టూ చీటీ ఇచ్చి చేయించుకున్న టేపులో విన్నారా? అక్కడ షాపువాడు ఖాళీ మిగిలిన చోట తనకు నచ్చినవి నింపేవాడు. డబ్బింగ్ పాట, ప్రైవేటు జానపదం, ఏ ఊరి బుర్రకథో, ఏదైనా కావచ్చు. ఇవి ఎక్కడో ఒకచోట అమ్ముడైనవే గానీ తర్వాత ఇంటర్నెట్‌లోకి ఎక్కలేదు. ఇలాంటివి దొరికేది పాత క్యాసెట్లు దాచుకున్నవాళ్ళ దగ్గర.

రేడియోలో విన్నారంటే మాత్రం లెక్క వేరు. ఆకాశవాణిలో విన్నదేదైనా ఎక్కడో ఒకచోట కొనడానికి దొరికే ఉంటుందని అనుకోవడం పొరపాటు. విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు లలిత సంగీతాన్ని తమ స్టూడియోల్లోనే తయారు చేసుకునేవి. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం లాంటివారు స్వరపరచిన ఎన్నో పాటలు స్టేషన్ కోసం కట్టినవి, స్టేషన్‌లో రికార్డయినవి. ‘ఈ మాసపు పాట’గా నెల పొడుగునా నేర్పితే ఇళ్ళల్లో పిల్లలు నేర్చుకున్నవి. వాటిలో కొన్ని తర్వాత క్యాసెట్లుగా, సీడీలుగా వచ్చాయి, చాలావి రాలేదు. వీటిని డెమో అనలేం, లీక్ అనలేం. ప్రసారమైంది, అమ్మకానికి రాలేదు, అంతే. మీ అమ్మగారో పిన్నిగారో పాడుతూ ఉండే పాట ఎక్కడా దొరకడం లేదంటే, మిగతావన్నీ చూసే ముందు ఈ దారి చూడండి. అడగాల్సింది ఆకాశవాణి కేంద్రాన్ని, అక్కడ పనిచేసి రిటైరైన కళాకారులను.

ఇక ఇంటర్నెట్‌లో, ఎవరో ఎక్కించిన ఫైలుగా విన్నవి. లీకులు తిరిగేది ఎక్కువగా ఇక్కడే. ఒక పాట నిన్నటిదాకా స్పాటిఫైలో ఉండి ఇవాళ మాయమైందంటే గట్టిగా అనుమానించాల్సిందే. 2018 డిసెంబర్‌లో ‘క్వీన్ కార్టర్’, ‘సిస్టర్ సొలానా’ అనే పేర్లతో కొన్ని ఆల్బమ్‌లు స్పాటిఫైలో, ఆపిల్ మ్యూజిక్‌లో కనబడ్డాయి. పాటలు బియాన్సేవి, సిజావి. వాళ్ళు విడుదల చేసినవి కావు. ఎవరో దొంగపేర్లతో ఎక్కించారు, కాసేపట్లో తీసేశారు. ఈలోగా విన్నవాళ్ళకు ఆ పాటలు ‘స్పాటిఫైలో ఉన్న పాటలు’గానే గుర్తుండిపోతాయి. తర్వాత అసలు పేరుతో వెతికినా, దొంగపేరుతో వెతికినా ఏమీ రాదు.

ఇంతకంటే తమాషా మరొకటి. యంగ్ న్యూడీ, ప్లేబోయ్ కార్టీ అనే అమెరికన్ ర్యాపర్ల పాట ఒకటి 2019లో లీకైంది. వేరెవరో తమ పేరు పెట్టుకుని స్పాటిఫైలో ఎక్కిస్తే, అమెరికాలో వైరల్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. విడుదలే కాని పాట ఒకటో నంబరుకు వెళ్ళడం విడ్డూరమే. అందులో వాడుకున్న పాత జపనీస్ పాట ముక్కకు అనుమతి కుదరకపోవడమే అది అధికారికంగా రాకపోవడానికి కారణమని చెబుతారు. చాలా లీకులు లీకులుగానే ఉండిపోవడం వెనక ఇలాంటి హక్కుల చిక్కులే ఉంటాయి. పాట బాగుంది కదా, ఎప్పటికైనా విడుదల చేయకపోతారా అని ఎదురుచూడటంలో అర్థముండదు.

ఇలాంటి ఫైలును పట్టించే గుర్తులు కొన్ని ఉంటాయి. ఒకే పాట నాలుగైదు చోట్ల నాలుగైదు పేర్లతో ఉంటుంది. విడుదల కాని పాటకు పేరుండదు కాబట్టి ఎక్కించినవాళ్ళు పల్లవిలో వినబడ్డ మాటనే పేరుగా పెడతారు. ఆల్బమ్ పేరు, సంవత్సరం, కంపెనీ పేరు ఉండవు. ఎక్కించింది ఆ గాయకుడి ఖాతా కాదు. పాట ఉన్నట్టుండి తెగిపోతుంది, లేదా రెండో చరణంలో మాటలకు బదులు గాయకుడు ఊరికే రాగం తీస్తాడు. ఇవి మూడు నాలుగు కలిసి ఉంటే డెమో లేదా లీక్ అనుకోవచ్చు. జనం చప్పట్లు, ఈలలు, మైకుకు దగ్గర్లో ఎవరో మాట్లాడుతున్న గొంతు వినబడితే అది బూట్‌లెగ్. అంటే కచేరీకి వెళ్ళినవాళ్ళు చాటుగా ఎక్కించుకున్నది. అప్పుడు గాయకుడి పేరుతో పాటు ఊరు, సంవత్సరం తెలిస్తే పని సులువు, ఎందుకంటే బూట్‌లెగ్‌లు దాచుకునేవాళ్ళు వాటిని ఊరు, తేదీల వారీగానే గుర్తుపెట్టుకుంటారు.

ఒక్క విషయంలో మాత్రం చెవిని నమ్మకూడదు. గరగరమనే శబ్దం, మూగగా వినబడే గొంతు డెమోకు సాక్ష్యం కాదు. 2021లో ఒకతను పదిహేడు సెకన్ల పాట ముక్కను పెట్టి ఇదేమిటో చెప్పమన్నాడు. శబ్దం అధ్వాన్నంగా ఉంది. 1980ల నాటి డెమో అన్నారు కొందరు, టీవీ ప్రకటన అన్నారు మరికొందరు, కావాలని చేసిన మోసం అని ఇంకొందరు. 2024 ఏప్రిల్‌లో తేలిందేమిటంటే, అది ‘అల్టీరియర్ మోటివ్స్’ అనే పాట. బూత్ సోదరులు చేసినది. 1986 నాటి ఒక పెద్దలకు మాత్రమే సినిమాలో నేపథ్యంగా వాడారు. శుభ్రంగా పూర్తయిన పాటే. పాడైంది ఆ ముక్కను ఎక్కించిన పద్ధతి. పాత బ్యాకప్ ఫైళ్ళలో దొరికిందని అతను చెప్పిన మాట పట్టుకుని జనం రెండున్నరేళ్ళు చీకట్లో తిరిగారు. ఇక్కడా అంతే, పాట ఏ దారిన వచ్చిందో సరిగా తెలిసి ఉంటే అంత కాలం పట్టేది కాదు. పాట ఎక్కడిదని అడిగినప్పుడు ఎక్కించినవాళ్ళ జవాబు పొడిపొడిగా ఉంటే, దాన్ని ఆధారంగా తీసుకోకపోవడమే మేలు.

ఇన్నీ చూశాక పాట విడుదల కాలేదనే తేలిందనుకోండి. అప్పుడు చేయవలసింది ఫెక్స్ పాటను పట్టుకున్నతను చేసినదే. పాటను వదిలి మనిషిని వెతకాలి. ఆ ఊళ్ళో ఆ ఏడు ఎవరు పాడేవారు, ఏ స్టూడియో ఉండేది, ఏ పోటీ జరిగేది, అప్పటి పత్రికలో ఎవరి ఫొటో వచ్చింది? దొరికినవాళ్ళకు మర్యాదగా ఒక ఉత్తరం రాసి, మీ దగ్గరున్న ముక్క వినిపించాలి. ‘ఇది మాదే’ అన్న మాటతోనే సరిపెట్టుకోకూడదు. వాళ్ళ దగ్గరున్న టేపు విని, మాట మాటా సరిపోల్చుకోవాలి. ఫెక్స్ విషయంలో ఖాయమైంది కూడా బ్యాండ్‌వాళ్ళ సొంత టేపులు బయటికొచ్చాకే. తర్వాత వాళ్ళే ఆ పాటను అధికారికంగా విడుదల చేశారు.

లీకైన పాట విషయంలో ఈ ఓపిక అక్కర్లేదు, వెతకడం అక్కడితో ఆపేయాలి. ‘అన్‌రిలీజ్‌డ్ ఫైల్ మా దగ్గరుంది, ఇంత పంపండి’ అంటూ మెసేజ్ పెట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళు పంపేది చాలాసార్లు మీరు ఇప్పటికే విన్న ముక్క, లేదా ఎవరో కంప్యూటర్‌లో అతికించిన పాట. అది అసలైనదే అయినా దొంగసొత్తే. డబ్బు పంపకండి.

మీ ఇంట్లో అటక మీద రేడియో నుంచి ఎక్కించిన క్యాసెట్లు ఉంటే, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. పాటకు ముందూ వెనకా వచ్చే అనౌన్సర్ మాటలు, స్టేషన్ పేరు, టైము, ఏవీ కత్తిరించకండి. క్యాసెట్ కవర్ మీద పెన్సిల్‌తో రాసుకున్న చీటీని కూడా ఫొటో తీసి అదే ఫైలుతో కలిపి దాచండి.